జారిపోయిన 36: స్టేట్ స్పేస్‌తో నా అనుభవం

బెంగళూరు పీణ్యలోని ఒక చిన్న కంపెనీలో చేరిన రెండో నెలలో నాకు అప్పజెప్పిన పని ఇది. కారు హంప్ ఎక్కినప్పుడు బాడీ ఎంత లేస్తుందో చెప్పే మోడల్ రాసివ్వాలి. ఈక్వేషన్ నా దగ్గర ముందే ఉంది. కానీ కంట్రోలర్ రాసేవాళ్లకు ఈక్వేషన్ పనికిరాదు, స్టేట్ స్పేస్ రూపం కావాలి: x' = Ax + Bu, y = Cx + Du. అంటే ఇన్‌పుట్ u, అవుట్‌పుట్ y, మధ్యలో x అనే స్టేట్‌లు, వాటిని కలిపే A, B, C, D అనే నాలుగు మ్యాట్రిక్స్‌లు. బీటెక్‌లో ఇలాంటి లెక్కలు చాలా చేశాను కాబట్టి గంటలో అయిపోతుందనుకున్నాను. మూడు రోజులు పట్టింది.

లెక్క చిన్నదే. కారులో నాలుగో వంతు తీసుకుంటాం: 250 కిలోల బరువు, దాని కింద ఒక స్ప్రింగ్, ఒక షాక్ అబ్జార్బర్. స్ప్రింగ్ గట్టిదనం మీటరుకు 16,000 న్యూటన్లు. షాక్ అబ్జార్బర్ అయితే సెకనుకు ఒక మీటరు వేగంతో నొక్కినప్పుడు 1,500 న్యూటన్ల బలంతో అడ్డుకుంటుంది. రోడ్డు ఎత్తు u, బాడీ ఎత్తు y. స్ప్రింగ్ ఈ రెండు ఎత్తుల తేడాకు స్పందిస్తుంది, షాక్ అబ్జార్బర్ ఆ రెండింటి వేగాల తేడాకు స్పందిస్తుంది. అంతా 250తో భాగిస్తే వచ్చేది ఇది:

```
y'' + 6y' + 64y = 6u' + 64u
```

సహజ పౌనఃపున్యం సెకనుకు 8 రేడియన్లు, అంటే దాదాపు 1.27 హెర్ట్జ్. డాంపింగ్ నిష్పత్తి 0.375. మామూలు చిన్న కారుకు దగ్గరగా ఉండే అంకెలే.

కాలేజీలో చేసిన లెక్కల్లో కుడి పక్కన ఎప్పుడూ u ఒక్కటే ఉండేది. అప్పుడు పని సులువు. x1 = y, x2 = y' అనుకుంటే రెండు వరుసలు వాటంతటవే వచ్చేస్తాయి. ఇక్కడ కూడా అలాగే మొదలుపెట్టాను. రెండో వరుసకొచ్చేసరికి u' అడ్డం పడింది. స్టేట్ స్పేస్ రూపంలో u కి చోటుంది గాని u' కి లేదు. దాన్ని వదిలేసి B లో 0, 64 పెట్టేశాను. 10 సెంటీమీటర్ల మెట్టు ఇచ్చి చూస్తే బాడీ 12.8 దాకా లేచి, ఊగి, చివరికి 10 దగ్గర ఆగింది. చూడ్డానికి అంతా బాగానే ఉంది. అందుకే ఈ తప్పు ప్రమాదకరమైనది. చివరికి ఆగే చోటు సరిగ్గానే వస్తుంది కాబట్టి అనుమానం రాదు.

పక్క సీట్లో కర్నూలు అక్క ఒకరున్నారు, నాకన్నా ఆరేళ్లు సీనియర్. ఆమెకు గ్రాఫ్ చూపించాను. ఆమె గ్రాఫ్ మొదట్లో వేలు పెట్టి, "ఇక్కడ గీత అడ్డంగా మొదలవుతోంది చూడు. షాక్ అబ్జార్బర్ ఉన్న కారు మెట్టు తగిలిన క్షణంలో ఇంత నెమ్మదిగా కదలదమ్మా. నీ మోడల్లో అది ఒక వైపే పనిచేస్తోంది" అన్నారు.

నిజమే. నేను వదిలేసిన 6u' అంటే రోడ్డు వైపు నుంచి షాక్ అబ్జార్బర్ నెట్టే బలం. ఈ ఈక్వేషన్ ప్రకారం రోడ్డు ఒక్కసారిగా 10 సెంటీమీటర్లు లేస్తే, బాడీ వేగం కూడా ఆ క్షణమే 6 × 0.1, అంటే సెకనుకు 0.6 మీటర్లకు ఎగరాలి. (అసలు కారులో టైరు ఈ దెబ్బను కొంత మింగేస్తుంది కాబట్టి ఇంత పదునుగా ఉండదు. టైరు లేని ఈ మోడల్‌ను కొద్ది హెర్ట్జ్‌ల వరకే నమ్మాలి.)

ఇక్కడే అసలు విషయం బోధపడింది. స్టేట్ అన్నది ఇంటిగ్రేటర్‌లో నిలవ ఉండే విలువ. ఇన్‌పుట్ ఒక్కసారిగా ఎగిరినా అది ఎగరకూడదు. y' ఇక్కడ ఎగురుతోంది కాబట్టి అది స్టేట్‌గా పనికిరాదు. మరి ఏది పనికొస్తుంది? y' ఎంత ఎగురుతుందో సరిగ్గా అంత తీసేస్తే మిగిలేది ఎగరదు. అంటే:

```
x1 = y
x2 = y' - 6u
```

x2 వేగం కాదు. దానికి కారులో చూపించగల పేరు లేదు. అది మొదట నాకు ఇబ్బందిగా అనిపించింది గాని, స్టేట్‌కు అలాంటి పేరు ఉండి తీరాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు మొదటి వరుస: x1' = y' = x2 + 6u. రెండో వరుసకు x2' = y'' - 6u'. అసలు ఈక్వేషన్‌లో 6u' ను ఎడమకు తెస్తే ఇది -6y' - 64y + 64u అవుతుంది. u' మాయమైంది. సంతోషంలో వెంటనే రాసేశాను: A రెండో వరుసలో -64, -6, B లో 6, 64.

ఈసారి గ్రాఫ్ మొదట్లో నిటారుగా లేచింది. కానీ చివర 15.6 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. రోడ్డు 10 సెంటీమీటర్లు లేస్తే కారు శాశ్వతంగా 15.6 లేచి నిలబడుతోంది. స్ప్రింగ్ సాగి గాల్లో ఉండిపోయినట్టు.

సిమ్యులేషన్ సెట్టింగ్‌లలో తప్పు వెతుకుతూ ఒక సాయంత్రమంతా పోగొట్టాను. అక్క మర్నాడు వచ్చి సెట్టింగ్‌ల జోలికి పోకుండా కాగితం తీశారు. "మ్యాట్రిక్స్‌ల నుంచి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ వెనక్కి రాబట్టావా?" అని అడిగారు. లేదన్నాను. "రాబట్టు. అది నీ ఈక్వేషన్‌తో కలవకపోతే తప్పు సిమ్యులేషన్‌లో లేదు."

ఫార్ములా అందరికీ తెలిసిందే: G(s) = C(sI - A)⁻¹B + D. రెండు వరుసల మ్యాట్రిక్స్‌కు ఇన్వర్స్ చేత్తో వేయడం రెండు నిమిషాల పని. మూలల్లో ఉన్న s, s+6 చోట్లు మార్చుకుంటాయి, మిగిలిన రెండింటికి గుర్తు మారుతుంది, మొత్తాన్ని s² + 6s + 64 తో భాగిస్తాం. C = [1 0] కాబట్టి ఇన్వర్స్‌లో పై వరుస చాలు. అందులో s+6, 1 ఉంటాయి. దాన్ని B తో గుణిస్తే లవం 6(s+6) + 64, అంటే 6s + 100.

ఈక్వేషన్ ప్రకారం అది 6s + 64 కావాలి. 36 ఎక్కువ వచ్చింది. 36 అంటే 6 × 6 అని చూడగానే తప్పు కళ్లముందుకొచ్చింది. రెండో వరుసలో -6y' ఉంది కదా. దాన్ని నేను -6x2 అని రాసేశాను. y' ఇప్పుడు x2 కాదు, x2 + 6u. కాబట్టి -6y' నుంచి -36u కూడా రావాలి. B లో రెండో అంకె 64 - 36 = 28.

```
A = [0 1; -64 -6]   B = [6; 28]   C = [1 0]   D = 0
```

మళ్లీ వెనక్కి రాబట్టాను: 6(s+6) + 28 = 6s + 64. మెట్టు ఇస్తే బాడీ 0.32 సెకన్లకు 13.8 సెంటీమీటర్ల దాకా లేచి, చివరికి 10 దగ్గర ఆగింది. మొదట u' వదిలేసిన మోడల్ 12.8కి 0.42 సెకన్లలో చేరింది. ఆ ఒక్క సెంటీమీటరు, ఆ పదో వంతు సెకను షాక్ అబ్జార్బర్ రోడ్డు నుంచి తెచ్చినవి. కంప్యూటర్ మీద కూడా ఒకసారి చూసుకున్నాను:

```python
from scipy.signal import ss2tf
A = [[0, 1], [-64, -6]]
B = [[6], [28]]
num, den = ss2tf(A, B, [[1, 0]], [[0]])
print(num, den)
```

లవంలో 0, 6, 64, హారంలో 1, 6, 64 వచ్చాయి, పెద్ద ఘాతం నుంచి చిన్న ఘాతం వరుసలో.

అక్క తన పాత ఫైల్లో ఇదే కారుకు రాసుకున్న మ్యాట్రిక్స్‌లు చూపించారు. A నాదే. కానీ B లో 0, 1 ఉన్నాయి, C లో 64, 6. నాది మళ్లీ తప్పేమోనని భయం వేసింది. వెనక్కి రాబడితే అదే (6s + 64)/(s² + 6s + 64). ఆమె స్టేట్‌లు వేరు, అంతే. ఆమె మోడల్లో x1 బాడీ ఎత్తు కాదు, 64x1 + 6x2 బాడీ ఎత్తు. మ్యాట్రిక్స్‌లను అంకెకు అంకె పోల్చి ఇద్దరిలో ఎవరిది సరైనదో చెప్పలేం. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ దగ్గరే పోల్చాలి.

పని అయిందనుకున్నాను. మూడో రోజు కంట్రోలర్ టీమ్ నుంచి కబురు: బాడీ మీద ఉన్న సెన్సర్ ఎత్తును కొలవదు, త్వరణాన్ని కొలుస్తుంది, అవుట్‌పుట్‌గా y'' ఇవ్వండి అని.

C మార్చి చూశాను. కుదరలేదు. y'' లో u' ఉంది, దాన్ని x, u లతో రాయలేం. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ చూస్తే కారణం తేటగా కనిపిస్తుంది. y కి ఉన్నదాన్ని s² తో గుణించాలి. లవం ఘాతం 3, హారం ఘాతం 2. లవం ఘాతం హారాన్ని మించితే అలాంటి A, B, C, D ఏవీ ఉండవు. ఎంత తిప్పి రాసినా రావు.

దారి ఇన్‌పుట్ మార్చడంలో ఉంది. రోడ్డు ఎత్తుకు బదులు రోడ్డు లేచే వేగం w = u' ను ఇన్‌పుట్‌గా తీసుకున్నాను. స్టేట్‌లు: ఎత్తుల తేడా y - u, బాడీ వేగం y'. ఇప్పుడు రెండూ ఎగరవు, రెండింటికీ కారులో అర్థముంది. A అదే. B లో -1, 6. త్వరణం అంటే -64x1 - 6x2 + 6w, కాబట్టి C = [-64 -6], D = 6.

ఈసారి ఎవరూ అడగకముందే వెనక్కి రాబట్టాను. మొదటిసారి లవంలో 28s - 384 వచ్చింది. గుండె జారింది. s = 0 పెడితే విలువ -6. అంటే నిలకడగా ఎక్కే ఫ్లైఓవర్ మీద కారు ఆగకుండా కిందికి త్వరణం పొందుతూనే ఉండాలి. అలా జరగదు, స్థిరమైన వేగంతో ఎక్కేటప్పుడు త్వరణం సున్నా. చూసుకుంటే D కలపడం మర్చిపోయాను. 6(s² + 6s + 64) కలిపితే 384లు కొట్టుకుపోయి 6s² + 64s మిగిలింది. s = 0 దగ్గర సున్నా.

రోడ్డు వేగం ఒక్కసారిగా సెకనుకు 1 మీటరు మారితే, స్టేట్‌లు ఇంకా కదలకముందే సెన్సర్ 6 చూపిస్తుంది. షాక్ అబ్జార్బర్ గుండా నేరుగా వచ్చే దెబ్బ అది, D లో ఉన్న 6 అదే. ఫైలు పంపేటప్పుడు నాలుగు మ్యాట్రిక్స్‌ల కింద (6s² + 64s)/(s² + 6s + 64) అని కూడా రాసి పంపాను.