గ్యాస్ పైపు పగిలితే ఓనర్‌కి ఉత్తరం రాశాను: నా అనుభవం

మేం హైదరాబాద్‌లో రెండో అంతస్తు పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. గ్యాస్ కనెక్షన్ ఓనర్ పేరు మీదే ఉంది, పొయ్యి కూడా ఆయనదే, సిలిండర్ మాత్రం మేం బుక్ చేసుకుంటాం. సిలిండర్ ఉండేది వెనక బాల్కనీలో. గోడకు కన్నం కొట్టి అందులోంచి పైపు వంటగదిలోకి తెచ్చారు.

ఒకరోజు పొద్దున పొయ్యి గట్టు కింద ఊడుస్తుంటే గ్యాస్ వాసన వచ్చింది. నిలబడితే ఏమీ లేదు, వంగితేనే తెలుస్తోంది. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, అందుకే అలా. వెంటనే రెగ్యులేటర్ ఆఫ్ చేసి, కిటికీ, తలుపులు తీసి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా పాపను ఎత్తుకుని బయటికొచ్చేశాను.

వాసన పూర్తిగా పోయాక పైపు చూశాను. పొయ్యి నాజిల్ దగ్గర వంపు తిరిగే చోట నారింజ రంగు రబ్బరు పెళుసెక్కి, వేలితో కొంచెం వంచగానే నోరు తెరిచినట్టు పగులు కనిపించింది, లోపలి తీగ అల్లిక కూడా బయటపడింది. పైపు మీద అచ్చు సగం చెరిగిపోయినా 2016 అని చదవగలిగాను. ఈ సురక్ష పైపులు ఐదేళ్ళకే మార్చేయాలి. అంతకంటే భయపెట్టింది గోడ దగ్గర కనిపించింది: పొడవు చాలక ఇంకో ఆకుపచ్చ రబ్బరు పైపు ముక్కను మధ్యలో ఇత్తడి జాయింట్ పెట్టి అతికించారు, ఆ అతుకు సరిగ్గా గోడ కన్నంలో ఉంది. సబ్బునీళ్ళు రాసి, ఒక్క నిమిషం రెగ్యులేటర్ ఆన్ చేస్తే పగులు దగ్గరా, అతుకు దగ్గరా బుడగలు. మళ్ళీ ఆఫ్ చేసేశాను. ఈ పరీక్ష సబ్బునీళ్ళతోనే చేయాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ చేయకూడదు.

ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే "ఏం కాదమ్మా, టేప్ చుట్టు, వచ్చే నెల చూద్దాం" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, కళ్ళతో చూడలేదు కాబట్టి అలా అన్నారు. కానీ రబ్బరు గట్టిపడిపోయాక టేప్ ఎన్ని చుట్లు చుట్టినా ఆగదు, పైపు కదిలిన ప్రతిసారీ పగులు ఇంకాస్త తెరుచుకుంటుంది. పైపొక్కటే అయితే నేనే కొనేదాన్ని. గోడలోంచి వచ్చే ఈ ఏర్పాటే మార్చాలి, దానికి ఆయన ఒప్పుకోవాలి, పైగా ఏజెన్సీ మెకానిక్‌ని పిలవాలంటే కనెక్షన్ ఆయన పేరున ఉంది. ఫోన్‌లో ఇవన్నీ చెప్తుంటే మాట మాటకీ తెగిపోతోంది. అందుకే ఉత్తరం రాశాను.

"అంకుల్ గారికి నమస్కారం. ఈరోజు పొద్దున వంటగదిలో గ్యాస్ లీకైంది. పొయ్యి దగ్గర పైపు పగిలింది, గోడ కన్నంలో రెండు పైపులు కలిపిన చోట కూడా బుడగలు వస్తున్నాయి. ఫోటోలు పెడుతున్నాను. పైపు 2016 నాటిది. రెగ్యులేటర్ ఆపేశాం, ఇది మార్చేదాకా గ్యాస్ వాడం. ఏజెన్సీ మెకానిక్‌ని మీ కనెక్షన్ మీద రేపే పిలిపించండి. పైపు గోడలోంచి కాకుండా నేరుగా పొయ్యికి వచ్చేలా సిలిండర్ చోటు మార్చడానికి మీ అనుమతి కావాలి. పైపు ఖర్చు మేం పెట్టుకుంటాం, గోడ పని మాత్రం మీరు చేయించాలి. శుక్రవారం లోపు ఏ సంగతీ చెప్పండి."

కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి మా ఆయన చేతికిచ్చి పంపాను, అదే ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టాను. కోపంగా ఒక్క మాటా రాయలేదు, కానీ "వీలైతే" అని కూడా ఎక్కడా రాయలేదు. ఆ మాట రాస్తే వచ్చే నెలకే పోతుంది.

ఫోటోల్లో తీగ కనిపించిందేమో, సాయంత్రానికల్లా అంకుల్ స్వయంగా వచ్చారు. గట్టు కింద వంగి చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మెకానిక్ వచ్చి, రబ్బరు పైపును గోడలోంచి తేకూడదని, అతుకు అసలే పెట్టకూడదని, పొడవు మీటరున్నర దాటకూడదని ఆయనకే చెప్పాడు. సిలిండర్ బయటే ఉండాలంటే గోడ వరకు రాగి పైపు వేయించాలట. దానికంటే గట్టు కింద తలుపుల్లేని ఖాళీలో నిటారుగా పెట్టుకోవడమే సులువని తేల్చారు. సిలిండర్ కంటే పొయ్యి ఎత్తులో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కొత్త పైపు వేసి, రెండు కొసలా సబ్బునీళ్ళు రాసి నాకూ చూపించాడు, ఒక్క బుడగా లేదు. పైపు మీది తేదీని ఫోటో తీసుకున్నాను. 1906 అత్యవసర నంబరును గట్టు పైన గోడ మీద రాసిపెట్టాను.

గోడ కన్నం అంకుల్ ఆదివారం సిమెంటుతో మూయించారు. మొదటి అంతస్తు పోర్షన్‌లోనూ అదే కన్నం ఉందట, అక్కడి అక్క నా ఉత్తరం ఫోటో అడిగి తీసుకుంది.