నంబర్ పెరిగింది, చెయ్యి బరువెక్కింది

"నువ్వు ఒకసారి ఆడి చూసినావా?"

కువైట్ హవల్లీలో నేను పనిచేసే కంప్యూటర్ల అంగట్లో మా మలయాళీ సీనియర్ అడిగిన మాట ఇది. వారం కింద అమ్మిన ల్యాప్‌టాప్‌ను ఒక కువైటీ పిల్లోడు వెనక్కి తెచ్చినాడు. ఆటలో సెకనుకు 32 ఫ్రేములే వస్తున్నాయంటే, ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసి 56 చూపించి పంపింది నేనే. గన్ను తిప్పితే ఆలస్యంగా తిరుగుతోందని వాని బాధ.

ఆ మాట రెండ్రోజులు మనసులో నలిగింది. మా కడపలో చీరల అంగడాయన ఇరవై చీరలు విప్పి, వెలుతుర్లోకి తెచ్చి మరీ చూపిస్తాడు. చూపించి అమ్మడం నాకు ఇంకొకరు నేర్పాలనా అని రోషమొచ్చింది. కానీ నేను చూపించింది నంబర్ మాత్రమే.

ఫ్రేమ్ జనరేషన్ రెండు అసలు ఫ్రేముల నడుమ ఒకదాన్ని కల్పించి పెడుతుంది. నడిమిది కల్పించాలంటే తర్వాతది ముందే తయారై ఉండాలి. అందుకని తయారైన ఫ్రేమును వెంటనే చూపకుండా కాసేపు ఆపుతుంది. ఆ పనికి కార్డు శక్తి కొంత పోయి 32 కాస్తా 28కి దిగింది, దాని రెట్టింపే ఆ 56. సెకనుకు 28 అంటే అసలు ఫ్రేముకూ ఫ్రేముకూ 36 మిల్లీసెకన్ల ఎడం. ఆపినందుకు అందులో సగమో, ఇంచుమించు అంతో ఆలస్యం అదనంగా పడుతుంది. కల్పించిన ఫ్రేములో మౌస్ కొత్త కదలికేమీ ఉండదు. అసలు ఫ్రేములే 60 దాకా ఉంటే ఎడం 17 మిల్లీసెకన్లే, ఆ ఆలస్యం చేతికి పెద్దగా తెలియదు.

సీనియర్ ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి అప్‌స్కేలింగ్ పెట్టినాడు. అది బొమ్మను చిన్నగా గీసి, గడిచిన ఫ్రేముల వివరాలు కలిపి తెరకు సరిపడా పెంచుతుంది. పెరిగేవి అసలు ఫ్రేములే కాబట్టి ఆలస్యం తగ్గుతుంది. 1080పీ తెర మీద క్వాలిటీ మోడ్ పెడితే 1280×720లో గీసింది, 46 వచ్చినాయి. నీడలు ఒక మెట్టు దించితే 55 దాటింది. పిల్లోడు నవ్వుకుంటూ తీసుకుపోయినాడు.

ఆ రాత్రే రాయచోటిలో మా అక్క కొడుక్కు ఫోన్ చేసినా. వానికీ నేను అదే నంబర్ పిచ్చి అంటించినా.

"మామా, అప్‌స్కేలింగ్ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టినా. కరెంటు తీగలు, చెట్లాకులు మినుకుమినుకుమంటాండాయి."

నీ 1080పీ తెరకు అది 960×540లోనే గీస్తుందిరా, సన్నటి గీతలకు వివరం చాలదు అని చెప్పినా. అదే మోడ్ 4కె టీవీ మీదైతే 1920×1080తో మొదలవుతుంది, బాగానే ఉంటుంది. క్వాలిటీకి మార్చమన్నా. మార్చినా ఫ్రేములు తగ్గకపోతే అడ్డం పడుతున్నది గ్రాఫిక్స్ కార్డు కాదు, ప్రాసెసర్ అని కూడా చెప్పినా.

"ఎంత చూపిస్తాంది?"

"48. అయినా మామా, ఇప్పుడు మౌస్ నా మాట ఇంటాంది."