ఐదు అంగుళాల పుల్లీ, మూడు నెలలు నిలవని బేరింగ్: నా అనుభవం

నరసన్నపేట దగ్గర ఒక రైస్ మిల్లులో మెషినరీ చూసుకునే పని నాది. సంక్రాంతి దాటాక ధాన్యం ముమ్మరంగా వస్తుంది కాబట్టి ఆ రోజుల్లో మిల్లు పద్దెనిమిది గంటల దాకా ఆడుతుంది. అలాంటి సీజన్‌లో పాలిషర్‌ని తిప్పే 20 హెచ్‌పి మోటారుకి పుల్లీ వైపు బేరింగ్ మూడు నెలలైనా నిలవకుండా పోవడం మొదలైంది. ముందు గరగరమని శబ్దం, తర్వాత ఆ వైపు కవరు మీద చెయ్యి ఆనించలేనంత వేడి. ఫ్యాను వైపు బేరింగ్ మాత్రం కొత్తదానిలాగే ఉండేది.

బేరింగ్ అమ్మినాయన్ని అడిగితే "మీరు వేరే షాపులో డూప్లికేట్ కొన్నారేమో" అన్నాడు. షావుకారు గారికి కూడా అదే నమ్మకం. ఒరిజినల్ డబ్బా తెప్పించి వేశాం. అదీ అలాగే పోయింది.

ఈసారి విప్పేటప్పుడు మా ఫిట్టరు ఒక మంచి పని చేశాడు. బేరింగ్ బయటి రింగు మీద, కవరు మీద కలిపి మార్కరుతో ఒక గీత గీసి, ఆ తర్వాతే లాగాడు. ఆ గీత లేకపోతే రింగు ఏ వైపు తిరిగి ఉండేదో తర్వాత చెప్పలేం. కోసి చూస్తే బయటి రింగులో పెచ్చులు లేచింది ఒక్క వైపే, అదీ పాలిషర్ ఉన్న వైపు. మిగతా సగంలో బాల్స్ దొర్లిన ట్రాక్ కనీకనిపించనట్టుగా ఉంది. లోపలి రింగులో మాత్రం చుట్టూ ఒకే వెడల్పు ట్రాక్. "ఇది బేరింగ్ తప్పు కాదు బాబూ, దీన్ని ఎవలో ఒకేపు గట్టిగా లాగుతున్నారు" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. షాఫ్టుతో పాటు లోపలి రింగు తిరుగుతుంది కాబట్టి దాని ప్రతి భాగమూ బరువు కిందకి వస్తుంది. బయటి రింగు కదలదు. లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటే, ఆ దిక్కున ఉన్న ముక్కే మొత్తం మోస్తుంది. ట్రాక్ ఏటవాలుగా ఉంటే షాఫ్టు వంకరనో బేరింగ్ వంకరగా కూర్చుందనో అనుమానించాలి. మాది తిన్నగానే ఉంది. అంటే లాగుతున్నది బెల్టే.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. మొదట్లో మోటారు మీద 8 అంగుళాల పుల్లీ, పాలిషర్ మీద 16 అంగుళాలది ఉండేవి. పెద్ద పుల్లీ బొస్సు దగ్గర పగిలితే, గోడౌన్‌లో పడి ఉన్న 10 అంగుళాలది బిగించారు. పాలిషర్ వేగం మారకూడదని మోటారుకి 5 అంగుళాలది వేశారు. రేషియో రెండుకి ఒకటే కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నారు. వేగం వరకు సరిపోయింది కూడా.

లాగుడు సంగతి వేరు. మోటారు 15 కిలోవాట్లు, 1460 ఆర్‌పీఎం. టార్క్ కావాలంటే 9550ని కిలోవాట్లతో హెచ్చించి ఆర్‌పీఎంతో భాగించాలి. 98 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంత టార్క్‌ని బెల్టుకి అందించాలంటే పుల్లీ అంచున ఎంత లాగాలన్నది వ్యాసార్థాన్ని బట్టి ఉంటుంది. 8 అంగుళాల పుల్లీకి సుమారు 100 కిలోలు, 5 అంగుళాల దానికి 160 కిలోలు. ఇది పని చేసే లాగుడు మాత్రమే. వి బెల్టు గాడిలో జారకుండా పట్టుకోవాలంటే వదులు వైపు కూడా కొంత బిగువు ఉండాలి. అందుకని షాఫ్టు మీద పడే మొత్తం లాగుడు దీనికి సుమారు రెట్టింపని లెక్క కడతారు. ఆ లెక్కన పాత పుల్లీతో 200 కిలోలు, కొత్తదానితో 320 కిలోలు.

320 కిలోలకే బేరింగ్ ఇంత తొందరగా పోకూడదు. అందుకని అసలు ఎంత బిగువు ఉందో కొలవాలనుకున్నాం. దానికి పెద్ద పరికరం ఏమీ అక్కర్లేదు. రెండు పుల్లీల మీదుగా దారం లాగి పట్టుకుని, బెల్టు మధ్యలో స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి, మీటరు నిడివికి 16 మిల్లీమీటర్ల చొప్పున బెల్టు వంగే దాకా లాగాలి. అప్పుడు కాటా చూపించే బరువుని 16తో హెచ్చిస్తే ఆ బెల్టులో ఉన్న బిగువు సుమారుగా తెలుస్తుంది. మాకు ఒక్కో బెల్టుకి 5 కిలోలు చూపించింది. అంటే ఒక్కో బెల్టులో 80 కిలోల బిగువు. నాలుగు బెల్టులు, ఒక్కోదానికి రెండు పక్కలు. మొత్తం 640, బెల్టులు కాస్త ఏటవాలుగా ఉంటాయి కాబట్టి 630 అనుకుందాం. ఉండాల్సిన దానికి రెట్టింపు.

ఎందుకంత బిగించారంటే, బిగించకపోతే బెల్టు జారుతోంది. పాలిషర్‌లో లోడు పెరగగానే కీచుమని అరిచేది, రబ్బరు కాలిన వాసన వచ్చేది. ఆపరేటరు స్పానర్ తీసి మోటారుని పట్టాల మీద ఇంకాస్త వెనక్కి జరిపేవాడు. ఆయన్ని అనడానికి లేదు. బి సెక్షన్ బెల్టు ఒకటి 5 అంగుళాల పుల్లీ మీద ఈ వేగంతో మోయగలిగేది సుమారు 2 కిలోవాట్లు. నాలుగు బెల్టులు కలిపినా ఎనిమిదే, మోటారేమో పదిహేను. అదే బెల్టు 8 అంగుళాల పుల్లీ మీద నాలుగున్నరకి పైగా మోస్తుంది. పుల్లీ చిన్నదైన కొద్దీ బెల్టు నడిచే వేగం తగ్గుతుంది, ప్రతి తిప్పుకీ ఎక్కువ వంగాలి, గాడిలో ఆనుకునే నిడివి తగ్గుతుంది. చాలని బెల్టుల లోటుని బిగువుతో పూడుస్తూ వచ్చాం, ఆ బిగువంతా బేరింగ్ మీద పడింది.

ఇది చాలదన్నట్టు ఇంకో తేడా. గోడౌన్ నుంచి తెచ్చిన పుల్లీ గాళ్లు పాతదానికన్నా బయటికి ఉన్నాయి. దానికి వరస కలపడానికి మోటారు పుల్లీని షాఫ్టు చివరికి లాగి పెట్టారు. షాఫ్టు బయటికి ఉన్నది 110 మిల్లీమీటర్లు. పుల్లీ నడిమి గాళ్లు సరిగ్గా ఆ చివరన ఉన్నాయి. అంటే పుల్లీలో సగం గాలిలోనే ఉంది.

పుల్లీ రెండు బేరింగ్‌ల మధ్యలో లేదు, బయట వేలాడుతోంది. అందుకే పుల్లీ వైపున్న ముందు బేరింగ్ మీద పడేది బెల్టు లాగుడుకన్నా ఎక్కువ. మా మోటారులో రెండు బేరింగ్‌ల మధ్య దూరం సుమారు 330 మిల్లీమీటర్లు. ముందు బేరింగ్ నుంచి షాఫ్టు సన్నబడే మెట్టు దాకా 40, అక్కడి నుంచి పుల్లీ మధ్యకి 110. మూడూ కలిపి 480. దాన్ని 330తో భాగిస్తే 1.45. అంటే 630 కిలోల లాగుడు ముందు బేరింగ్ మీద 915 కిలోలైంది. ఫ్యాను వైపు బేరింగ్ మీద పడేది 285 కిలోలే, అదీ ఎదురు దిక్కున. అది ఎందుకు బాగుందో ఇప్పుడు అర్థమైంది.

ఆ బేరింగ్ 6309. దాని డైనమిక్ కెపాసిటీ సుమారు 53,000 న్యూటన్లు. ఆయుష్షు లెక్క ఇది:

```
L10h = (C / P)^3 × 10^6 / (60 × n)
```

C అంటే ఆ కెపాసిటీ, P అంటే బేరింగ్ మీద పడే లోడు, n అంటే ఆర్‌పీఎం. 915 కిలోలంటే దాదాపు 9,000 న్యూటన్లు. లెక్క వేస్తే 2,300 గంటలు. రోజుకి పద్దెనిమిది గంటల చొప్పున నాలుగు నెలలు. అది కూడా వంద బేరింగ్‌లలో తొంభై దాటే గంటలు, మిగతా పది అంతకు ముందే పోతాయి. పైగా ఇది శుభ్రమైన గ్రీజు ఉంటే. తవుడు దుమ్ము ఎగిరే మా పాలిషర్ దగ్గర మూడు నెలల్లోపే పోయిందంటే ఆశ్చర్యం లేదు. ఆయుష్షు లెక్కలో ఉన్న ఆ ఘనమే ఇక్కడ కొంప ముంచేది. లోడు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది.

మోటారు కేటలాగులో షాఫ్టు మీద ఎంత లాగుడు పడొచ్చో రెండు అంకెలిస్తారు, మెట్టు దగ్గర ఒకటి, షాఫ్టు చివర ఒకటి. పుల్లీ మధ్య ఈ రెంటి నడుమ ఎక్కడుందో చూసి ఆ మేరకు తీసుకోవాలి. చివర దాటిన వాటికి అంకె ఉండదు, ఎందుకంటే అక్కడ పెట్టకూడదు. 20,000 గంటలు నిలవాలంటే మా బేరింగ్‌కి మెట్టు దగ్గర 400 కిలోలు, చివరన 310 కిలోల దాకా ఫరవాలేదని పై లెక్కనే తిప్పి వేస్తే వచ్చింది. మేము చివరన 630 వేలాడదీశాం.

షావుకారు గారికి ఈ లెక్కలు చూపిస్తే, "అయితే రోలర్ బేరింగ్ వేసీండి, పుల్లీలు మార్చడం ఎందుకు?" అన్నారు. నిజానికి అదీ ఒక దారే. అదే కొలతల్లో ఎన్‌యూ 309 దొరుకుతుంది, దాని కెపాసిటీ 6309కి దాదాపు రెట్టింపు. రోలర్లకి పై లెక్కలో 3 బదులు 10/3 ఘాతం వాడతారు, ఆ లెక్కన కాగితం మీద ఆయుష్షు నలభై వేల గంటలు దాటుతుంది. నేను ఒప్పుకోలేదు. షాఫ్టు మారదు కదా. 42 మిల్లీమీటర్ల షాఫ్టుని 630 కిలోలు పక్కకి వంచుతుంటే, తిరిగిన ప్రతిసారీ ఒక పక్క సాగి మరో పక్క నొక్కుకుంటుంది, నిమిషానికి 1460 సార్లు. అలాంటి షాఫ్టు ఏదో ఒక రోజు మెట్టు దగ్గరో కీ గాడి దగ్గరో పగులుతుంది. పైగా బెల్టు జారడం అలాగే ఉంటుంది. ఇంకోటి, రోలర్ బేరింగ్‌కి కొంత లోడు ఎప్పుడూ ఉండాలి. బెల్టులు తీసి మోటారుని ఉత్తినే ఎక్కువసేపు తిప్పితే రోలర్లు దొర్లకుండా జారి ట్రాక్‌ని గీకుతాయి.

చివరికి 8, 16 అంగుళాల పోత ఇనుప పుల్లీలు తెప్పించాం. పట్టాలకి కొత్త బెజ్జాలు వేసి మోటారుని ముందుకి జరిపి, పుల్లీని షాఫ్టు మెట్టుకి ఆనించి కూర్చోబెట్టాం. ఇప్పుడు పుల్లీ మధ్య మెట్టు నుంచి 42 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది. నాలుగు బెల్టులూ ఒకే సెట్ కొత్తవి. కాటాతో ఒక్కోటి 2 కిలోలకి బిగించాం. షాఫ్టు మీద మొత్తం లాగుడు 256 కిలోలు, బేరింగ్ మీద 320. ఆయుష్షు లెక్క యాభై వేల గంటలు దాటింది, అదీ మామూలు 6309తోనే.

కొత్త బెల్టులు మొదటి రోజు గాడిలో సర్దుకుని వదులవుతాయి. ఆ సాయంత్రమే కాటా తగిలిస్తే కిలోన్నరకి పడిపోయింది, మళ్లీ రెండుకి తెచ్చాం. ఆపరేటరుకి స్పానర్‌తో పాటు కాటా కూడా ఇచ్చాం. బెల్టు అరిస్తే ముందు కొలవమన్నాం. ఇప్పుడు ఆ కవరు మీద చెయ్యి ఆనించొచ్చు.

రాళ్లు వేరు చేసే డీస్టోనర్ మోటారుకి కూడా పుల్లీ షాఫ్టు చివరన వేలాడుతూ ఉండటం ఆ తర్వాతే గమనించాం. దానికి పెద్ద పుల్లీ పెట్టే చోటు లేదు. గ్రబ్ స్క్రూ వదులు చేసి పుల్లీని మెట్టు దాకా తోసి, అవతలి పుల్లీని కూడా అంతే లోపలికి జరిపి వరస కలిపాం.