తెర మీది చిలకపచ్చ, కాగితం మీది చిలకపచ్చ: ఒక కేటలాగు ముద్రణలో నా అనుభవం

గద్వాల, పోచంపల్లి చీరల కేటలాగు ఒకటి అచ్చు వేయించే బాధ్యత కిందటి సంవత్సరం నాకు అప్పగించారు. డిజైనరు పంపిన పీడీఎఫ్‌ను హైదరాబాదులోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఇచ్చి, ప్లేట్లు చేయకముందే కలర్ ప్రూఫ్ తీయించాను. ఫొటోగ్రాఫరు మానిటరు మీద అదే పీడీఎఫ్‌లో నిగనిగలాడిన చీరలు ప్రూఫ్‌లో నాలుగైదు ఉతుకులు పడిన బట్టల్లా వెలిసి కనిపించాయి. స్క్రీన్ మీద ఉన్నట్టు కాగితం మీద ఎప్పుడూ రాదని, సర్దుకుపోవాలని తెలిసినవాళ్లందరూ అన్నారు. ఆ మాటలో నిజం ఉంది కానీ, అది ఈ ప్రూఫ్‌కు పూర్తిగా వర్తించదని నాకు అనిపించడానికి ఒక కారణం కనిపించింది.

చీరలతో పాటు వాటిని కట్టుకున్న అమ్మాయిల ముఖాలు, చేతులు కూడా ప్రూఫ్‌లో పాలిపోయి ఉన్నాయి. చర్మపు ఛాయలు నాలుగు రంగుల ముద్రణకు ఏమాత్రం కష్టమైనవి కావు. సిరాలు వాటిని సులువుగానే పలికిస్తాయి. అందుచేత చర్మం పాలిపోయిందంటే తప్పు సిరాలది గాని కాగితానిది గాని కాకూడదు. పైగా ఈ లోపం అన్ని పేజీల్లోనూ లేదు. స్టూడియోలో పెద్ద కెమెరాతో తీసిన ఫొటోలే చప్పబడ్డాయి. మగ్గాల దగ్గర వేరొకరు తీసిన ఫొటోలు చక్కగానే వచ్చాయి. కాగితం వల్లనో గదిలోని వెలుతురు వల్లనో తేడా వస్తే పుస్తకమంతా ఒకే తీరుగా మారుతుంది. కొన్ని ఫొటోలే మారాయంటే, ఆ ఫొటోల లోపలే ఏదో తేడా ఉండాలి.

ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, పచ్చ, నీలం పాళ్లను తెలిపే మూడు అంకెలు ఉంటాయి. అయితే ఆ అంకెలు మాత్రమే రంగును తేల్చవు. ఒకే ఎరుపును ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో 255, 0, 0 అని రాస్తే, అడోబీ ఆర్‌జీబీ పద్ధతిలో సుమారు 219, 0, 0 అని రాయాలి. ఏ పద్ధతిలో రాశారో చెప్పే చిన్న ఫైలే ప్రొఫైల్. దాన్ని ఫొటోతో పాటు పీడీఎఫ్‌లో పొదిగితే చదివే యంత్రం 219 అంటే ఎంత ఎరుపో సరిగ్గా గ్రహిస్తుంది. అది లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు ఆ అంకెలను ఎస్‌ఆర్‌జీబీగానే తీసుకుంటాయి. అప్పుడు అదే 219 ముదిరిన, జీవం తగ్గిన ఎరుపుగా మారుతుంది. నేను ప్రూఫ్‌లో చూసింది సరిగ్గా ఇదే.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఈ ఆజ్ఞ సరిపోయింది:

```
pdfimages -list catalog.pdf
```

ఇది పీడీఎఫ్‌లోని ప్రతి బొమ్మనూ ఒక వరుసగా చూపిస్తుంది. అందులో `color` అనే నిలువు వరుసలో, ప్రొఫైల్ ఉన్న బొమ్మకు `icc` అని, లేని బొమ్మకు `rgb` అని ఉంటుంది. స్టూడియో ఫొటోలకే కాదు, మగ్గాల ఫొటోలకు ఎదురుగా కూడా `rgb` అనే ఉంది. అవి మొదటి నుంచీ ఎస్‌ఆర్‌జీబీలో ఉన్నవి కాబట్టి, ప్రొఫైల్ లేకపోయినా ప్రెస్సు సాఫ్ట్‌వేర్ ఊహ వాటికి సరిపోయింది. స్టూడియో కెమెరా మాత్రం అడోబీ ఆర్‌జీబీలో భద్రపరిచేలా అమర్చి ఉంది. ఇన్‌డిజైన్ నుంచి పీడీఎఫ్ తీసినప్పుడు `Don't Include Profiles` ఎంపిక ఉండడంతో అన్ని ప్రొఫైళ్లూ జారిపోయాయి.

మరి ఫొటోగ్రాఫరుకు ఈ తేడా ఎందుకు కనబడలేదు? ఆయన మానిటరు దాదాపు అడోబీ ఆర్‌జీబీ అంత విస్తృతమైన రంగులు చూపించగలది. ఆయన వాడే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ లేని అంకెలను మార్పు లేకుండా మానిటరుకు పంపిస్తోంది. రెండూ కలిసి లోపాన్ని కప్పేశాయి.

ప్రెస్సులో ప్రీప్రెస్ చూసే ఆయన ఇది విని, "అసలు ఫొటోలలో ప్రొఫైల్ ఉందేమో చూడండి. ఉంటే మళ్లీ పీడీఎఫ్ తీస్తే చాలండీ, రంగులు ముట్టుకోవద్దు" అన్నారు. ఇది విలువైన సలహా. చప్పబడిన ఫొటోకు చేత్తో రంగు పెంచితే ఎరుపు సరిపోయిన చోట చర్మం చెడుతుంది. అసలు ఫొటోలలో ప్రొఫైల్ భద్రంగానే ఉంది. అదే లేకపోయి ఉంటే ఫొటోషాప్‌లో `Assign Profile` ద్వారా అడోబీ ఆర్‌జీబీని తగిలించాలి. అంకెలు అలాగే ఉండి వాటి అర్థం సరిపడుతుంది. `Convert to Profile` మాత్రం అప్పటికే తప్పుగా చదివిన రంగును ఆధారం చేసుకుని అంకెలనే మార్చేస్తుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు.

ఈసారి పీడీఎఫ్‌ను పీడీఎఫ్/ఎక్స్-4 ప్రమాణంలో తీయించాను. ఈ ప్రమాణంలో ఫొటోలు తమ ప్రొఫైళ్లతో సహా ఆర్‌జీబీలోనే ఉండవచ్చు. ఏ ముద్రణ పరిస్థితికి సిద్ధం చేశారో తెలిపే అవుట్‌పుట్ ఇంటెంట్ కూడా ఫైలులోనే ఉంటుంది. ప్రెస్సువారు తమ ఆర్ట్ పేపరుకు చెప్పిన ఫోగ్రా39 అనే ముద్రణ పరిస్థితి అందులో చేరింది. రెండో ప్రూఫ్‌లో ముఖాలు ముఖాల్లా వచ్చాయి, కుంకుమ రంగు అంచులు తేరుకున్నాయి.

చిలకపచ్చ చీర మాత్రం తేరుకోలేదు. అక్కడ నా మొదటి కారణం చెల్లదు. తెర వెలుగునే వెదజల్లుతుంది. కాగితం మీద పసుపు, సయాన్ సిరాలు కాంతిలో కొంత మింగి మిగిలినదాన్ని మాత్రమే తిప్పి పంపిస్తాయి. అంత ప్రకాశవంతమైన పచ్చ ఆ సిరాల పరిధిలోనే లేదు, ఏ ప్రొఫైలూ దాన్ని తెచ్చిపెట్టలేదు. ఆక్రోబాట్‌లోని `Output Preview`లో ఫోగ్రా39ను ఎంచుకుని `Simulate Paper Color` పెట్టి చూస్తే, ప్రూఫ్‌లో వచ్చిన పచ్చకు దగ్గరి పచ్చే తెర మీద కనిపించింది. ప్రొఫైల్ రంగును కాపాడలేని చోట కూడా, రాబోయే నష్టాన్ని ముందే చూపిస్తుంది. నాకు ఇది దాని రెండో ఉపకారంగా తోచింది.

నష్టం ఎలా జరగాలన్నది కొంతవరకు మన చేతిలో ఉంటుంది. రిలేటివ్ కలరిమెట్రిక్ పద్ధతిలో మార్చినప్పుడు పరిధి దాటిన పచ్చలన్నీ ఒకే అంచుకు చేరి, కొంగు మడతల్లోని నేత గీతలు ఒక్క మరకలా కలిసిపోయాయి. పర్సెప్చువల్ పద్ధతి బొమ్మ మొత్తాన్నీ కొద్దిగా కుదించింది. పచ్చ మరికొంత తగ్గినా మడతలు, గీతలు విడివిడిగా నిలిచాయి. చీర కొనేవారు నేతను చూస్తారు కనుక ఆ ఫొటోకు దాన్నే ఎంచుకున్నాం.

అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త అవసరమైంది. నల్ల సిరా ఒక్కదానితో వచ్చే అక్షరానికి కూడా సీఎంవైకే అనే నాలుగు సిరాల పద్ధతి ప్రొఫైల్ తగిలిస్తే, ప్రెస్సులో దాన్ని వేరే సీఎంవైకేకు మార్చేటప్పుడు అది నాలుగు సిరాల నలుపు అయిపోవచ్చు. అప్పుడు ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా ఒత్తులు, గుడులు పూడుకుపోతాయి. అందుకే అక్షరాలను ప్రొఫైల్ లేకుండా, అవుట్‌పుట్ ఇంటెంట్‌కు వదిలిపెట్టాం.

అట్ట మీది చిలకపచ్చ పట్టీకి మాత్రం ప్రెస్సువారు వేరే పచ్చ సిరా కలిపి ఐదో ప్లేటుతో వేశారు. లోపలి ఫొటోలలో ఆ చీర నాలుగు సిరాలు ఇవ్వగలిగినంత పచ్చగానే అచ్చయింది.