వేళ్లతో ఓటు

పీజీ అవగానే విజయనగరంలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. బీఈడీ లేదు, పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. నాకు ధైర్యమిచ్చిన పుస్తకం ఎరిక్ మజూర్ 1997లో రాసిన 'పీర్ ఇన్‌స్ట్రక్షన్'. ఆయన హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్.

పద్ధతి ఇదీ. కాసేపు పాఠం చెప్పి, లెక్క అక్కర్లేని ఒక ప్రశ్న అడగాలి. పైకి విసిరిన బంతి శిఖర బిందువు దగ్గర త్వరణం ఎంత? ఒకటి, సున్నా. రెండు, g, కిందికి. మూడు, g, పైకి. ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వారే ఆలోచించాలి. తర్వాత తమ జవాబు ఎన్నోదో అన్ని వేళ్లు అందరూ ఒక్కసారే చూపాలి, అదీ ఛాతీ దగ్గరే పెట్టి. చెయ్యి పైకెత్తితే వెనక బెంచీలు ముందు బెంచీలను చూసి మార్చేస్తాయి.

సరైన జవాబు 30 శాతం లోపే వస్తే మళ్లీ చెప్పాలి. 70 దాటితే ముందుకెళ్లాలి. మధ్యలో ఉంటే పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి, మళ్లీ ఓటు అడగాలి.

నా క్లాసులో ఎక్కువమంది ఒక వేలే చూపారు. అయినా సగానికి కాస్త తక్కువ మంది సరైన జవాబు, రెండు, చూపారు కాబట్టి వాదనకు వదిలాను. "ఆగిపోయింది గదా, సున్నాయే." "త్వరణం కూడా సున్నా అయితే అక్కడే ఉండిపోవాల గదరా, కిందికెలా వస్తాది?" రెండో ఓటుకి దాదాపు అందరివీ రెండు వేళ్లే.

నిర్వచనం అడిగే ప్రశ్నలకు ఇది పనిచేయదు, వాదించడానికి ఏమీ ఉండదు. సమయమూ పడుతుంది, గంటలో రెండు మూడు ప్రశ్నలు చాలు. కానీ గంటంతా నేనే మాట్లాడాలన్న భయం మాత్రం పోయింది.