మొదటి కేస్ స్టడీ పూర్తయింది: అరకు ట్రిప్పుల సైట్‌కి వచ్చిన ఫలితంలో సీజన్ వాటా ఎంత?

ఖాళీ దొరికినప్పుడల్లా కట్టుకుంటున్న నా సొంత వెబ్‌సైట్‌లో "చేసిన పనులు" అనే పేజీ ఈ డిసెంబర్‌లో తీసేశాను. హోమ్ పేజీ మార్చాను, ఫొటోల సైజు తగ్గించాను, వాట్సాప్ బటన్ పైకి జరిపాను అని వరసగా ఉండేది. అది చదివితే నాకేం పనులు వచ్చో తెలుస్తుంది గానీ, ఆ పనివల్ల సైట్ ఓనర్‌కి ఏం ఒరిగిందో తెలియదు. దాని స్థానంలో ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో కేస్ స్టడీ పెడుతున్నాను. మొదటిది పూర్తయింది.

ప్రాజెక్టు చిన్నదే. వైజాగ్ నుంచి అరకు, లంబసింగి, వంజంగి వైపు కార్లు నడిపే ఒక ట్రావెల్స్ ఆయన సైట్. అక్టోబర్ చివర్లో కొత్త పేజీలు ఎక్కించాం. నవంబర్ అయ్యాక ఆయన ఫోన్ చేసి, "బాబూ, వాట్సాప్ ఎంక్వైరీలు పోయినేడాది కంటే రెట్టింపు పైనే వస్తున్నాయి" అన్నారు. చాలా సంతోషం వేసింది. కానీ ఆ మాటనే శీర్షికగా పెట్టడానికి మనసొప్పలేదు. నవంబర్ నుంచి జనవరి దాకా మంచు చూడ్డానికి జనం కొండెక్కే కాలం. సైట్ ముట్టుకోకపోయినా అక్టోబర్ కంటే నవంబర్‌లో ఎంక్వైరీలు పెరుగుతాయి. పోయిన నవంబర్‌తో పోల్చినా, ఈసారి జనమే ఎక్కువగా వచ్చి ఉండొచ్చు.

అందుకని ముందు అంకెలు తీశాను. ఆయన సైట్‌లో గూగుల్ అనలిటిక్స్ పాత రోజుల నుంచీ ఉంది. బయటి సైట్‌కి వెళ్ళే లింక్ ఎవరైనా నొక్కితే అది `click` అనే ఈవెంట్‌గా దానంతటదే నమోదవుతుంది. ఈ సైట్‌లో బయటికి పోయే లింక్ వాట్సాప్ ఒక్కటే కాబట్టి ఆ ఈవెంట్ లెక్కే మనకి కావలసిన లెక్క. పోయిన నవంబర్‌లో 620 విజిట్లకి 31 క్లిక్‌లు. ఈ నవంబర్‌లో 910 విజిట్లకి 82 క్లిక్‌లు. క్లిక్‌లు మాత్రమే చూస్తే రెండున్నర రెట్లు దాటాయి, ఓనర్ గారి మాట నిజమే. అయితే విజిట్లు కూడా దాదాపు సగం పెరిగాయి కదా, అది నా పని అని చెప్పలేను. గూగుల్ వెతుకులాటలో సైట్ ఎలా కనిపిస్తుందో చూపే సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటా ఉంచుతుంది, అందులో రెండు నవంబర్లూ పక్కపక్కన పెట్టి చూశాను. వెతుకులాటలో సైట్ వచ్చే స్థానం పెద్దగా మారలేదు, అది కనిపించిన సార్లు మాత్రం పెరిగాయి. అంటే వెతికేవాళ్ళే ఎక్కువయ్యారు.

ఇక మిగిలింది నిష్పత్తి. వందమంది వస్తే ఎంతమంది బటన్ నొక్కారు? అప్పుడు 5, ఇప్పుడు 9. జనం ఎంతమంది వచ్చినా ఈ అంకె దానంతటది పెరగదు. 31 చిన్న సంఖ్య కాబట్టి ఇంకో అనుమానం కూడా తీర్చుకున్నాను. ఇలాంటి లెక్కలు ఇంచుమించు తమ వర్గమూలమంత అటూ ఇటూ ఊగడం మామూలే. 31కి అది సుమారు 6. అదృష్టం కొద్దీ 37 వచ్చి ఉన్నా 6 శాతమే అయ్యేది, 9 కాదు. 82ని 73కి దించినా 8 శాతం ఉంటుంది. కాబట్టి తేడా నిజమైనదే అని ధైర్యంగా రాశాను.

రెండో ఫలితం వేగం. ఇది సీజన్‌తో సంబంధం లేనిది. పేజీ తెరవగానే పైన వచ్చే గాలికొండ ఫొటో ఫోన్‌లో తీసింది తీసినట్టు పెట్టేశారు, 1.6 ఎంబీ. పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్ లైట్‌హౌస్, దాని మొబైల్ టెస్టు సెకనుకి 1.6 మెగాబిట్ల నెట్ ఉందనుకుని కొలుస్తుంది. 1.6 ఎంబీ అంటే 12.8 మెగాబిట్లు, అంటే ఆ ఒక్క ఫొటో దిగడానికే 8 సెకన్లు. ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉండగా సైట్ తెరిచేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. దానికి తోడు ఏదో ప్లగిన్ ఆ ఫొటోకి కూడా `loading="lazy"` తగిలించింది. అంటే ఫొటో అవసరమయ్యే దాకా దించకుండా ఆగమని చెప్పడం. కింద ఉండే ఫొటోలకి అది మంచిదే గానీ, మొట్టమొదట కనపడాల్సిన ఫొటోని అది ఇంకా వెనక్కి నెడుతుంది. ఫొటోని వెబ్‌పీ చేసి 110 కేబీకి దించి, ట్యాగ్ ఇలా మార్చాను:

```html
<img src="galikonda.webp" width="1200" height="800"
     fetchpriority="high" alt="గాలికొండ వ్యూ పాయింట్">
```

పేజీలోని పెద్ద అంశం కనపడటానికి పట్టే సమయం 10.4 సెకన్ల నుంచి 2.7కి వచ్చింది. 2.5 లోపు ఉంటే గూగుల్ లెక్కలో మంచిది, మనం ఇంకా కాస్త బయటే ఉన్నాం. ఆ మాట కూడా కేస్ స్టడీలో ఉంచాను. లైట్‌హౌస్ అంకె ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంది. కాబట్టి ఇన్‌కాగ్నిటో విండోలో అయిదుసార్లు నడిపి మధ్య విలువ తీసుకోవాలి. నిజం యూజర్ల వేగం చూపించే భాగం పేజ్‌స్పీడ్‌లో ఖాళీగా ఉంది. ఇంత చిన్న సైట్లకి సరిపడా డేటా పోగవదు. అందుకే "ఇది టెస్టులో కొలిచిన వేగం" అని అంకె పక్కనే రాశాను.

రాయాల్సిన పరిమితి ఇంకొకటి ఉంది. కొత్త పేజీలో ఫొటో ఒక్కటే మారలేదు. ఏ కారుకి ఎంత, డ్రైవర్ బత్తా, టోల్ కలిపారా లేదా అనే రేట్ల పట్టిక అడుగు నుంచి పైకి వచ్చింది, దాని కిందే వాట్సాప్ బటన్. రెండూ ఒకే రోజు ఎక్కాయి. 5 నుంచి 9కి పెరగడంలో వేగం వాటా ఎంత, రేట్లు వెంటనే కనపడటం వాటా ఎంత అనేది ఈ డేటాతో విడదీయలేం. నా ఊహ రేట్ల పట్టికే అని. కేస్ స్టడీలో దాన్ని ఊహ అనే పేరుతోనే రాశాను.

పేజీలో అన్నిటికంటే పైన ఇప్పుడు ఉన్న వాక్యం ఇది: "వచ్చినవాళ్ళలో వాట్సాప్ బటన్ నొక్కేవాళ్ళు 5 శాతం నుంచి 9 శాతానికి పెరిగారు (రెండు నవంబర్ల పోలిక)." తర్వాత సమస్య రెండు పేరాలు, చేసిన మార్పులు ఒక పేరా, కొలిచిన పద్ధతి, పరిమితులు. వెనకటి పేజీలో మొత్తంగా ఉన్న పనుల జాబితా ఇప్పుడు ఆ ఒక్క పేరాలోకి వచ్చేసింది.

ప్రచురించే ముందు ఓనర్ గారికి చూపించాను. "బుకింగులు, డబ్బుల లెక్క మాత్రం వద్దు బాబూ, కాంప్లెక్స్ దగ్గర ట్రావెల్స్ వాళ్ళందరూ చూస్తారు" అన్నారు. క్లిక్‌ల లెక్కకి, స్క్రీన్‌షాట్లకి సరే అన్నారు. ఆ సంగతి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకున్నాను. వ్యాపారం పేరు మాత్రం పెట్టలేదు.

రెండో కేస్ స్టడీ ఒక ట్యూషన్ సెంటర్ సైట్. దానికి అనలిటిక్స్ ఎప్పుడూ లేదు, కాబట్టి ఎంతమంది నొక్కారన్నది ఇక దొరకదు. కానీ పాత కోడ్ గిట్‌లో ఉంది. పాత కమిట్‌ని పక్క ఫోల్డర్‌లోకి తీసి, కొత్తదాన్నీ పాతదాన్నీ ఒకే లాప్‌టాప్ మీద నడిపి లైట్‌హౌస్‌తో కొలిస్తే వేగం వరకైనా "ముందు" అంకె వస్తుంది:

```
git worktree add ../paatha 3f2a91c
cd ../paatha
python3 -m http.server 8001
```

ఇలా కొలిస్తే అసలు సర్వర్ ఆలస్యం లెక్కలోకి రాదు, కాబట్టి రెండు వెర్షన్లనీ ఇలాగే కొలిచి వాటి మధ్య తేడా మాత్రమే వేస్తాను. ఫీజుల పేజీ వరకు కొలవడం అయింది, ఫలితాల పేజీ మిగిలింది.