గ్లాసు కనపడలేదు

రాత్రి పన్నెండున్నర. పడుకుని మళ్లీ లేచా, మేం తీస్తున్న సినిమాలో ఆ వంటింటి షాట్ వల్లే. కొడుకు పండక్కి రావట్లేదని ఫోన్ చేస్తాడు, నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ "సర్లే నాన్నా" అంటుంది, అంతే సీను. వెనక గోడవార వాడి కంచం, దాని మీద గ్లాసు. ఎడిటింగ్‌లో చూస్తే ఆవిడ మొహం నగల యాడ్‌లా మెరుస్తోంది, బాధ మాత్రం లేదు.

కెమెరా పట్టిన కిట్టు మీద కోపం తగ్గట్లేదు. బెంగళూరు మారతహళ్ళి ఫ్లాట్లో వంటిల్లు ఎంత ఇరుగ్గా ఉంటుందో మీకు తెలుసుగా, 85 ఎంఎం లెన్స్ పెట్టాలని వాడు హాల్లోకి వెళ్లి ఆరున్నర అడుగుల దూరంలో నిలబడ్డాడు, ట్రైపాడ్ తన కళ్ల ఎత్తుకే పెట్టుకున్నాడు, లెన్స్ బాగా తెరిచి ఎఫ్ 1.8 అన్నాడు. ఆ దూరంలో ఫోకస్ దొరికేది ఓ ఆరు సెంటీమీటర్లే, ఆవిడ కాస్త ముందుకి వంగితే కళ్లు పోయి చెవి షార్ప్‌గా ఉంది. గ్లాసేమో తెల్లటి మచ్చ. రెండోసారి తీద్దామంటే, బ్లర్ బావుందిగా అన్నాడు!

ఒంగోల్లో నాయనమ్మ ఇలాగే కూర్చుని అత్త రాసిన ఇన్లాండ్ లెటర్ చదువుకునేది. పక్కన చాప మీద నేనూ కూర్చునేదాన్ని, ఆవిడ కళ్లు నా కళ్లకి సమానంగా ఉండేవి, వెనక వరండాలో తాతయ్య ఖాళీ పడక్కుర్చీ. ఏడ్చేది కాదు, చదివి మడిచి కుర్చీ వైపు చూసేది. పై నుంచి చూసుంటే నాకు ఆవిడ పాపిడి తప్ప ఏం కనిపించేది?

ఇందాక వదినని నేల మీద కూర్చోబెట్టి నేనే తీసి చూశా. తప్పంతా 85దే అనుకున్నా, కాదు. మొహం ఫ్రేములో అంతే సైజు ఉంచి ఎఫ్ నంబర్ మార్చకపోతే ఏ లెన్స్‌తోనైనా ఫోకస్ దొరికే లోతు దాదాపు అంతే, కాకపోతే 85 వెనకున్న కాస్త భాగాన్నే పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి మచ్చ కూడా పెద్దదవుతుంది. 35తో రెండున్నర అడుగుల దగ్గరికెళ్తే గ్లాసు తెలుస్తోంది గానీ వదిన ముక్కు ముందుకొచ్చేసింది, అది లెన్స్ వల్ల కాదు, మరీ దగ్గరికి వెళ్లడం వల్ల. చివరికి 50, నాలుగడుగుల దూరం, కెమెరా స్టూల్ మీద ఆవిడ కళ్ల ఎత్తుకి, ఎఫ్ 5.6. గ్లాసు మెత్తగా ఉన్నా గ్లాసే అని తెలుస్తోంది. 1.8తో పోలిస్తే వెలుతురు పదో వంతే వస్తుంది, బొమ్మలో చుక్కల్లా నాయిస్ కనిపిస్తోంది, కిటికీ బయట ఓ లైట్ పెట్టాలి.

అయినా ఫోన్ పెట్టేశాక వచ్చే షాట్‌కి 85 ఉంచేస్తా. హాల్లోంచి, గుమ్మం చెక్కల మధ్య ఆవిడ ఒక్కతే. అక్కడ దూరంగానే ఉండాలి. కిట్టు తీసిన వాటిల్లో అదొక్కటి బావుంది, పొద్దున వాడికి ఫోన్ చేసి చెప్పాలి.